చలి గ్లౌజు కొనేటప్పుడు ముందు తిప్పి అరచేతి వైపు చూడండి

చలికాలం రాగానే ఊళ్లో టిబెటన్ల స్వెటర్ల కొట్లు వెలుస్తాయి. వాటి పక్కనే ఫుట్‌పాత్ మీద తాడు కట్టి బండి గ్లౌజులు వేలాడదీస్తారు. ఎక్కడ చూసినా గ్లౌజు పైవైపే మనకు కనబడేలా పెడతారు. కణుపుల మీద నల్లటి ప్లాస్టిక్ గుబ్బలు, పేరున్న కంపెనీల లోగోలు, మణికట్టు దగ్గర బొచ్చు. చూసినవాళ్లు కూడా పైవైపే చూస్తారు, బొటనవేలితో నొక్కి "మందంగా ఉందా" అని అడుగుతారు, బేరమాడి తీసుకుపోతారు. తిప్పి అరచేతి వైపు చూసేవాళ్లు చాలా తక్కువ. బండి నడిపేవాడికి గ్లౌజుతో పడే పనంతా అటువైపే ఉంది.

నా వాదన ఇది. మన చలికి మందపు గ్లౌజు అక్కర్లేదు. పైవైపు గాలి చొరకుండా, అరచేతి వైపు పల్చటి అసలు తోలుతో, చేతికి సరిపడా ఉన్న గ్లౌజు కావాలి. మందం వల్ల వచ్చే వెచ్చదనం మనం అనుకున్నంత ఉండదు, అది లాక్కుపోయే పట్టు మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ.

ఈమధ్య మా మేనల్లుడి గ్లౌజుల ఎంపికలో ఇదంతా మళ్లీ తవ్వుకోవాల్సి వచ్చింది. వాడు విశాఖలో ఉంటాడు, 125 సీసీ బండి. డిసెంబరులో స్నేహితులతో కలిసి లంబసింగి వెళ్లి, తెల్లవారేసరికి చెరువులవేనం కొండ మీద మేఘాలు చూడాలని వాళ్ల పథకం. అంటే అర్ధరాత్రి దాటాక బయల్దేరి, నర్సీపట్నం మీదుగా, చివరి ఘాట్ రోడ్డు చీకట్లో, పొగమంచులో ఎక్కాలి. "మామయ్యా, ఇవి తీసుకోనా? లోపల బొచ్చుంది, భలే వెచ్చగా ఉన్నాయి" అని ఒక ఫోటో పంపాడు. యథాప్రకారం పైవైపు ఫోటోనే. "లోపలి వైపు కూడా తీసి పంపరా" అన్నాను.

లోపలివైపు నున్నటి నల్ల రెక్సిన్, దాని కింద మెత్తటి స్పాంజి. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పడానికి ముందు ఆ చలి సంగతి చూడాలి.

లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరుల్లో తెల్లవారుజామున అక్కడ ఉష్ణోగ్రత ఒక అంకెకు పడిపోవడం మామూలే. కానీ బండి మీద వెళ్లేవాడికి థర్మామీటరు చూపించే చలి ఒకటి, చేతికి తగిలే చలి ఒకటి. గాలి వేగాన్ని కలిపి చలిని లెక్కగట్టే సూత్రం ఒకటి అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్నాయి. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి దాదాపు 5 డిగ్రీల్లా ఉంటుంది. 5 డిగ్రీల్లో 40 కిలోమీటర్ల గాలి తగిలితే సున్నాకు ఒక డిగ్రీ దిగువన ఉన్నట్టే. ఆ సూత్రం మొహానికి తగిలే గాలిని దృష్టిలో పెట్టుకుని చేసింది, చేతికి అంకె అచ్చంగా అదే అవుతుందని కాదు. అయినా విషయం అర్థమవుతుంది. మన దగ్గర చేతుల్ని కొంకర్లు పోగొట్టేది ఎక్కువగా గాలి. హ్యాండిల్ మీద గాలికి ఎదురుగా ఉండేవి వేళ్ల పైవైపు, కణుపులు.

ఉన్ని గ్లౌజు ఇక్కడే ఓడిపోతుంది. ఉన్ని వెచ్చగా ఉండేది దాని పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి వల్ల. నడిచి వెళ్లేవాడికి అది చాలా మంచి గ్లౌజు. బండి 50 దాటగానే బయటి గాలి అల్లిక సందుల్లోంచి దూరి ఆ వెచ్చటి గాలిని తోసేస్తుంది. పాలు పోసేవాళ్లు, పేపర్లు వేసేవాళ్లు ఉన్ని గ్లౌజు మీద పాలిథీన్ సంచి చుట్టుకుని వెళ్లడం చూసే ఉంటారు. వాళ్లకు ఈ సూత్రంతో పని లేకుండానే కిటుకు తెలుసు: గాలిని ఆపితే చాలు. కాకపోతే ఆ సంచి రబ్బరు గ్రిప్ మీద జర్రున జారుతుంది.

సరే, గాలి చొరకుండా మందంగా కూడా ఉంటే ఇంకా మంచిదే కదా అని మా వాడి ప్రశ్న. పైవైపు అయితే కొంతవరకు నిజమే. అరచేతి వైపు కాదు. లోపల బొచ్చు, స్పాంజి వెచ్చదనం ఇవ్వాలంటే అవి పొంగి ఉండాలి, వాటిలో గాలి నిలవాలి. హ్యాండిల్ పట్టుకోగానే అరచేతిలోని బొచ్చంతా గ్రిప్‌కీ చేతికీ మధ్య నలిగి చదునైపోతుంది. వెచ్చదనం అక్కడితో సరి. మిగిలేది అడ్డం. గ్రిప్ లావు పెరిగినట్టవుతుంది, వేళ్లు పూర్తిగా చుట్టుకోవు, తెలియకుండానే ఇంకాస్త గట్టిగా బిగించి పట్టుకుంటాం. గంట గడిచేసరికి ముంజేయి లాగేస్తుంది. ట్రాఫిక్‌లో తీగ క్లచ్ పదేపదే నొక్కేవాడికి ఈ నొప్పి బాగా తెలుసు, కానీ నెపం బండి మీద వేస్తాడు, గ్లౌజు మీద వెయ్యడు.

దీనికంటే ముఖ్యమైంది బ్రేకు. వేళ్లను కదిపే కండరాలు ప్రధానంగా ముంజేతిలో ఉంటాయి. వేళ్లలో ఉండేవి వాటి నుంచి వచ్చే నరాల్లాంటి స్నాయువులు. ముంజేయి జాకెట్ లోపల వెచ్చగానే ఉంటుంది కాబట్టి వేళ్లు చల్లబడినా లివర్ లాగగలుగుతాం. పోయేది స్పర్శ. ఎంత లాగామో, ఎక్కడ పట్టిందో వేలి చర్మం చెప్పదు. ఘాట్‌లో మంచుకు తడిసిన మలుపులో ముందు బ్రేకు అరంగుళం లాగడానికీ ముప్పావంగుళం లాగడానికీ మధ్య తేడా తెలియాలి. మందపు గ్లౌజు ఆ స్పర్శను ముందే సగం తినేస్తుంది. చలి మిగతా సగం తింటుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 10 మీటర్లు పోతుంది. లివర్ ఎక్కడుందో తడుముకోవడంలో అర సెకను పోతే 5 మీటర్లు పోయినట్టే. ఘాట్ మలుపులో 5 మీటర్లంటే అవతలి అంచు.

కాబట్టి అరచేయి పల్చగా ఉండాలి. పల్చగా ఉంటూనే పడినప్పుడు చిరగకూడదు. ఈ రెండూ ఒకేసారి ఇచ్చేది తోలే, అందులోనూ మేక తోలు. ఆవు, గేదె తోలు గట్టివే గానీ అంత బలం రావాలంటే మందంగా ఉండాలి, మెత్తబడటానికి వారాలు పడుతుంది. మేక తోలు పల్చగా ఉన్నా పీచు దట్టంగా అల్లుకుని ఉంటుంది. గొర్రె తోలు చేతికి వెన్నలా తగులుతుంది, రోడ్డుకి రాసుకుంటే మాత్రం త్వరగా చిరుగుతుంది. చలికి నడిచి తిరగడానికి కొనుక్కోవచ్చు, బండికి వద్దు.

రెక్సిన్‌ని తోలని అమ్మడం ఎక్కువ కాబట్టి గుర్తుపట్టే ఉపాయం చెబుతాను. గ్లౌజు మణికట్టు అంచు మడిచి, కుట్టు దగ్గర కోసిన చోటు చూడండి. తోలైతే అంచు పీచుపీచుగా, ఒకే పదార్థంలా పై నుంచి కింద దాకా ఉంటుంది. రెక్సిన్ అయితే పైన నున్నటి పొర, దాని కింద గుడ్డ నేత స్పష్టంగా విడివిడిగా కనిపిస్తాయి. బొటనవేలితో నొక్కితే తోలు మీద చుట్టూ సన్నటి ముడతలు పాకుతాయి. రెక్సిన్ మీద సొట్టలా గుంటపడి లేస్తుంది. వాసన నమ్మొద్దు, వాసన కొట్టించి అమ్మేవాళ్లున్నారు. రెక్సిన్‌తో బాధేమిటంటే చలికి బిగుసుకుంటుంది, ఒకటి రెండు సీజన్లలో పొట్టు లేస్తుంది, రోడ్డు మీద రాసుకుంటే పై పొర వేడికి కరిగి ఊడిపోతుంది, ఆ తర్వాత ఉండేది గుడ్డ ముక్కే. మంచి గ్లౌజుల్లో వాడే మైక్రోఫైబర్ సంగతి వేరు. అది దట్టంగా ఉంటుంది, తడిసినా త్వరగా ఆరుతుంది, దాన్ని రెక్సిన్ గాటన కట్టకూడదు.

లేబుల్ ఉంటే చదవండి. బైకు గ్లౌజులకు ఐరోపా ప్రమాణం ఈఎన్ 13594. అందులో రెండు స్థాయిలున్నాయి. అరచేతి వైపు పదార్థం రాపిడి యంత్రం మీద మొదటి స్థాయికి కనీసం 4 సెకన్లు, రెండో స్థాయికి 8 సెకన్లు చిల్లు పడకుండా నిలవాలి. నాలుగు సెకన్లా అని నవ్వుకోకండి, పడిన చెయ్యి రోడ్డు మీద జారేది సెకన్లలోనే. లేబుల్ మీద కేపీ అని ఉంటే కణుపుల రక్షణకు కూడా పరీక్ష జరిగిందని అర్థం. ఫుట్‌పాత్ గ్లౌజు ప్లాస్టిక్ గుబ్బ మీద ఆ అక్షరాలుండవు. గోరుతో కొట్టి చూడండి, చాలావాటిలో అది గుడ్డకు అతికించిన డొల్ల. దాని కింద నురుగు పొర కూడా ఉండదు కాబట్టి దెబ్బ నేరుగా ఎముకకే.

పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులు చాపుతారు. అది ఆలోచించి చేసేది కాదు. అప్పుడు భూమికి మొదట తగిలేది అరచేతి అడుగున, మణికట్టుకు ఆనుకున్న దిమ్మ. తోలు గానీ రబ్బరు గానీ అక్కడ రోడ్డును పట్టేస్తే చెయ్యి ఆగిపోతుంది, ఒళ్లు ఆగదు, ఆ బరువంతా మణికట్టు మీద విరుచుకుపడుతుంది. బొటనవేలి మొదట్లో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంది. ఇలా పడ్డప్పుడు మణికట్టు చిన్న ఎముకల్లో తరచు విరిగేది అదే. దానికి రక్తం వెనకమార్గంలో, వేలి వైపు నుంచి వస్తుంది కాబట్టి విరిగితే ఆలస్యంగా అతుక్కుంటుంది, కొన్నిసార్లు అతుక్కోనే అతుక్కోదు. పైగా మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. బొటనవేలు పైకెత్తితే దాని మొదట్లో పడే గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నా వదిలెయ్యకుండా పది, పన్నెండు రోజులకు మళ్లీ చూపించుకోవాలి.

అందుకే అరచేతి దిమ్మ మీద నున్నటి గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉన్న గ్లౌజు నాకు కణుపుల గుబ్బ ఉన్న గ్లౌజు కంటే విలువైనది. ఆ బిళ్ల పని దెబ్బ ఆపడం కంటే కూడా చేతిని జారనివ్వడం. గ్రిప్ పట్టుకునే చోటికి అది కాస్త పక్కగా, కిందకు ఉంటుంది కాబట్టి నడిపేటప్పుడు అడ్డం రాదు. వస్తే ఆ గ్లౌజు మీ చేతికి సరిపోలేదన్నమాట.

సరిపోవడం అనేదాంట్లోనే జనం ఎక్కువ మోసపోతారు. చలి గ్లౌజు కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం అనుకుంటారు. కొలత ఇలా తీయాలి: ఎక్కువ వాడే చేతికి, బొటనవేలు వదిలేసి, కణుపుల మీదుగా టేపు చుట్టి, పిడికిలి కాస్త ముడిచి చూడాలి. ఐరోపా సైజుల్లో 8 అంటే సుమారు 20.3 సెంటీమీటర్లు, 9 అంటే సుమారు 22.9. అంగుళాల్లో చుట్టుకొలతే సైజు అంకె. మా వాడికి 21 వచ్చింది, రెంటికీ మధ్య. ఇలాంటప్పుడు పట్టిక చూసి తేల్చకూడదు, చెయ్యి దూర్చి తేల్చాలి.

వాణ్ణి కొట్లో రెండూ తొడుక్కోమన్నాను. 9లో వేలు చాపితే కొస దాకా దాదాపు సెంటీమీటరు ఖాళీ. ఆ ఖాళీ కొస ప్రమాదకరం: లివర్ లాగేటప్పుడు అది లివర్‌కీ గ్రిప్‌కీ మధ్య ఇరుక్కుంటుంది, బ్రేకు పూర్తిగా పడదు, వదిలేటప్పుడు వేలు త్వరగా రాదు. 8లో వేలు చాపితే రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ, హ్యాండిల్ పట్టినట్టు ముడిస్తే కొస వేలికి ఆనింది. వేళ్ల సందుల్లో కుట్టు చర్మానికి తగలాలి, గాలిలో ఉండకూడదు. అరచేతి దిమ్మ దగ్గర తోలు ముడతలు పడి గుంపు కాకూడదు, ఆ ముడతే గ్రిప్ మీద గంటలో బొబ్బ. ఇక చివరి పరీక్ష, మణికట్టు పట్టీ బిగించి రెండో చేత్తో వేళ్ల కొసలు పట్టి గట్టిగా లాగడం. ఊడివస్తే పడ్డప్పుడూ ఊడివస్తుంది. కొట్లో మొదట చూసిన జత పట్టీ ఈ పరీక్షలో పోయింది, వెల్క్రో బిళ్ల నా వేలి గోరంత కూడా లేదు.

మరీ బిగుతు కూడా తప్పే. వేలి చుట్టూ రక్తం ఆడకపోతే ఎంత మంచి లైనింగ్ ఉన్నా వేళ్లు చల్లబడతాయి. తొడుక్కుని పదిసార్లు పిడికిలి బిగించి వదలండి. తిమ్మిరి, గోళ్లు పాలిపోవడం కనిపిస్తే వద్దు. తోలు అడ్డంగా కొద్దిగా సాగుతుంది, పొడవుకు పెద్దగా సాగదు. కాబట్టి అరచేయి కాస్త బిగుతుగా ఉన్నా పరవాలేదు, వేలు పొట్టిగా ఉంటే మాత్రం వదిలెయ్యండి. లోపలి లైనింగ్ వేళ్లకు కొసల్లో కుట్టి ఉందో లేదో కూడా చూసుకోవాలి. కుట్టకపోతే చెమట పట్టిన చెయ్యి లాగినప్పుడు లైనింగ్ తిరగబడి బయటికి వస్తుంది. ఘాట్ మధ్యలో టీ కోసం ఆగి, మళ్లీ వేళ్లు దాని గూళ్లలోకి దూర్చడానికి కుస్తీ పట్టేవాళ్లు అలాంటివి కొన్నవాళ్లే.

ఇక కనిపించడం సంగతి. గ్లౌజు మీద పసుపు రంగు, మెరిసే పట్టీ ఉంటే మంచిదని అందరూ అంటారు. ఎవరికి కనిపించడానికో అడగరు. హ్యాండిల్ మీద ఉన్న చెయ్యి వెనకవాడికి దాదాపుగా కనిపించదు, మన ఒళ్లే అడ్డం. ఎదురొచ్చేవాడికి మన హెడ్‌లైటు పక్కన చిన్న పట్టీ ఎంత కనిపిస్తుంది? చెయ్యి చాపి సైగ చేసినప్పుడే దాని విలువ. అదీ కుడి చెయ్యి చాపితే యాక్సిలరేటరు, ముందు బ్రేకు రెండూ వదిలేసినట్టే. ఘాట్‌లో అది చేయొద్దు, ఇండికేటర్ వాడండి. రంగు, పట్టీ ఒకే పని చేస్తాయనీ అనుకోవద్దు. ఫ్లోరోసెంట్ పసుపు పగటి వెలుతురులో, తెల్లారగట్ల మసక వెలుగులో మెరుస్తుంది, చీకట్లో హెడ్‌లైటుకు మామూలు పసుపే. వెండి రంగు పట్టీ హెడ్‌లైటు పడితే తిరిగి మెరుస్తుంది, పగలు బూడిదరంగు గుడ్డ. దట్టమైన పొగమంచులో హెడ్‌లైటు కాంతే చెదిరిపోతుంది కాబట్టి పట్టీ కూడా దగ్గరకొచ్చేదాకా పలకదు. ఉంటే సంతోషం, దానికోసం అరచేతి తోలు వదులుకోవద్దు. మెరిసే పట్టీ కావాలంటే హెల్మెట్ వెనక, జాకెట్ వీపున అతికించుకోండి.

లంబసింగి దారిలో అసలు సమస్య మనం కనిపించడం కంటే మనకు కనిపించడం. పొగమంచులో హెల్మెట్ అద్దం బయటివైపు సన్నటి నీటి తుంపర పేరుకుంటుంది. తడి తోలుతో తుడిస్తే అలుక్కుపోతుంది, ఎదుటి లారీ లైటు తెల్లటి గోడలా మారుతుంది. దీనికోసం కొన్ని గ్లౌజుల్లో ఎడమ చూపుడువేలికో బొటనవేలికో సన్నటి రబ్బరు పట్టీ కుడతారు. కారు వైపర్‌లా ఒక్క లాగుతో నీరు తోసేస్తుంది. ఎడమ చేతికే ఎందుకంటే కుడి చెయ్యి యాక్సిలరేటరు వదలకూడదు కదా. ఆ నాలుగు సెంటీమీటర్ల రబ్బరు ముక్క విలువ డౌనూరు దాటాక మొదటి మంచు పొరలో తెలుస్తుంది. రంగు గురించి అమ్మేవాడు పది మాటలు చెబుతాడు, దీని గురించి ఒక్కటీ చెప్పడు.

చివరికి మా వాడు కొన్నది ఇది: అరచేతి వైపు మేక తోలు, దిమ్మ మీద బిళ్ల, పైవైపు గాలి చొరని గుడ్డ, దాని కింద పల్చటి లైనింగ్, ఎడమ చూపుడువేలికి రబ్బరు, మణికట్టు దాటి రెండు వేళ్ల పొడవున పట్టీ. సైజు 8. ధర వాడు మొదట చూసిన బొచ్చు జతకు నాలుగైదు రెట్లు. "ఇంత పల్చగా ఉంటే చలి ఆగుతుందా మామయ్యా" అని అనుమానపడ్డాడు. పూర్తిగా ఆగదని చెప్పాను. దానికి వేరే మందులున్నాయి. హ్యాండిల్‌కు ప్లాస్టిక్ హ్యాండ్ గార్డులు బిగిస్తే గాలి కణుపులకు నేరుగా తగలదు, ఆ పని ఎంత మందపు గ్లౌజూ చేయలేదు. ఛాతీకి గాలి తగలకుండా చూసుకోవాలి. ఒళ్లు చల్లబడగానే శరీరం ముందుగా రక్తం తగ్గించేది చేతులు, కాళ్లకే, గుండె చుట్టూ వెచ్చగా ఉంచుకోవడానికి. పాతకాలం నుంచి చొక్కా లోపల పేపరు దోపుకుని స్కూటరెక్కేవాళ్లకు చేతులు కూడా తక్కువ కొంకర్లు పోయేవి. అప్పటికీ చాలకపోతే లోపల పల్చటి సిల్కు లైనర్ గ్లౌజు. దానికి చోటుందో లేదో కొట్లోనే తొడిగి చూసుకోవాలి. మా వాడి 8లో పట్టలేదు, అందుకని వాడు హ్యాండ్ గార్డులకే వెళ్లాడు.

చెరువులవేనం చేరేసరికి వేళ్ల కొసలు చల్లబడ్డాయి గానీ బ్రేకు తెలుస్తూనే ఉందని ఫోన్ చేసి చెప్పాడు. దిగేటప్పుడు ఇంకాస్త చలేసిందట. దిగుడులో ఇంజను వేడి తక్కువ, బ్రేకు మీద వేళ్లు ఎప్పుడూ చాచి ఉంచాలి, గాలి వాటికే తగులుతుంది. వాడితో వచ్చినవాళ్లలో ఒకడు మంచుకు తడిసిన తోలు గ్లౌజులు ఆరబెట్టడానికి వేడి సైలెన్సరు మీద పెట్టాడట. అరగంటలో అవి ఎండి బిర్రబిగుసుకుని, వేళ్లు ముడుచుకోనివ్వలేదు. తోలు తడిస్తే లోపల పేపరు ఉండలు కుక్కి, నీడలో, గాలి తగిలేచోట ఒక రాత్రి వదిలెయ్యాలి. ఆరాక కాస్త లెదర్ క్రీము రుద్ది, తొడుక్కుని పిడికిలి నాలుగైదుసార్లు బిగిస్తే మళ్లీ చేతి ఆకారానికి వస్తాయి.